పింగ్ 28 ఉన్నా గోడ వెనక ఎందుకు చస్తున్నాం? మీ చావు లెక్క మీరే వేసుకునే పద్ధతి

గోడ వెనక్కి పూర్తిగా వచ్చేశారు. మీ స్క్రీన్ మీద శత్రువు కనపడటమే లేదు. అయినా ఢామ్మని పడిపోయారు. స్కోర్‌బోర్డ్ తెరిచి చూస్తే మీ పింగ్ 28. ఇంకేం, హెడ్‌సెట్ బల్ల మీద పడేసి "సర్వర్ చెత్త" అనో "వాడు హ్యాకర్" అనో తిట్టుకోవడం మామూలే. నేనూ రెండేళ్లు అదే పని చేశాను. తర్వాత ఒకరోజు కాగితం తీసుకుని ఆ చావుని మిల్లీసెకన్లలో లెక్క వేసుకుంటే సగం కోపం పోయింది. మిగిలిన సగం కోపం మా ఇంటి వైఫై మీదకి మళ్లింది.

ఆ లెక్క ఎలా వేయాలో, దాన్నిబట్టి ఏది మార్చుకోవాలో, దేన్ని వదిలేయాలో వరసగా చెబుతాను. ఉదాహరణలకి కౌంటర్-స్ట్రైక్ సంఖ్యలు తీసుకుంటున్నాను, ఎందుకంటే అందులో మనుషుల వేగం, ఒంటి వెడల్పు అన్నీ తెలిసిన సంఖ్యలే. వాలరెంట్ ఆడేవాళ్లకీ, ఫోన్‌లో ఆడేవాళ్లకీ పద్ధతి ఇదే, అంకెలు మారతాయి.

ముందుగా: మీ స్క్రీన్ మీద రెండు టైములు నడుస్తున్నాయి

పింగ్ అంటే మీ కంప్యూటర్ నుంచి సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, అంతే. 28 అంటే వెళ్లడానికి సుమారు 14 మిల్లీసెకన్లు, రావడానికి 14. ఇది దారి పొడవు మాత్రమే చెబుతుంది. దారికి ఆ చివరా ఈ చివరా ఎంతసేపు ఆగాలో పింగ్‌లో ఉండదు.

సర్వర్ దగ్గర ఆగడాన్నే టిక్ రేట్ నిర్ణయిస్తుంది. సర్వర్ ఆటని నిరంతరంగా చూడదు. 64 టిక్ సర్వర్ అయితే సెకనుకి 64 సార్లు, అంటే 15.6 మిల్లీసెకన్లకోసారి, అందరి దగ్గర నుంచి వచ్చినవన్నీ కలిపి లెక్క చేసి కొత్త పరిస్థితిని అందరికీ పంపిస్తుంది. 15 నిమిషాలకో బస్సు ఉన్న స్టాప్ లాంటిది. మీరు ఎప్పుడు స్టాప్‌కి చేరినా బస్సు దాని టైముకే కదులుతుంది. ఒక్కోసారి చేరగానే దొరుకుతుంది, ఒక్కోసారి ఇప్పుడే వెళ్లిపోయి ఉంటుంది. సగటున సగం విరామం, అంటే 8 మిల్లీసెకన్లు ఆగుతారు. వాలరెంట్‌లో లాగా 128 టిక్ అయితే విరామం 7.8, సగటు ఆగడం 4.

2023 సెప్టెంబర్‌లో వచ్చిన కౌంటర్-స్ట్రైక్ 2లో సబ్-టిక్ అని పెట్టారు. మీరు ఏ క్షణంలో క్లిక్ చేశారో ఆ టైము కూడా సర్వర్‌కి వెళుతుంది. స్టాప్‌కి ఎన్నింటికి వచ్చారో టికెట్ మీద రాసినట్టు. దీనివల్ల గురి విషయంలో న్యాయం కాస్త పెరిగింది. కానీ బస్సు మాత్రం ఇప్పటికీ 15.6కే కదులుతుంది, కాబట్టి ఎదుటివాడి కదలిక మీకు చేరడం దానివల్ల ముందుకి జరగలేదు.

ఇక మీ చివర ఆగడం. సర్వర్ నుంచి వచ్చే ప్యాకెట్లు ఒక్కోసారి ఆలస్యంగా వస్తాయి, ఒక్కోటి మధ్యలోనే పోతుంది. వచ్చినవి వచ్చినట్టు చూపిస్తే శత్రువు గంతులేస్తూ కనిపిస్తాడు. అందుకని గేమ్ రెండు టిక్‌ల పాటు ఆపుకుని, పాత స్థానానికీ కొత్త స్థానానికీ మధ్య అతన్ని నున్నగా నడిపిస్తుంది. దీన్ని ఇంటర్‌పొలేషన్ అంటారు. కౌంటర్-స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్ రోజుల్లో `cl_interp_ratio` డిఫాల్ట్‌గా 2 ఉండేది. 64 టిక్‌లో రెండు టిక్‌లంటే 31 మిల్లీసెకన్లు. అంటే మీకు కనిపించే శత్రువు ఎప్పుడూ కొంచెం పాతవాడే.

మీ సొంత కదలికకి మాత్రం ఈ ఆలస్యాలేవీ లేవు. W నొక్కగానే మీ గేమ్ సర్వర్ ఒప్పుకుంటుందని ముందే నమ్మి మిమ్మల్ని కదిలించేస్తుంది. దీని పేరు క్లయింట్ ప్రెడిక్షన్. 1996లో క్వేక్‌వరల్డ్‌లో జాన్ కార్మాక్ దీన్ని పెట్టాక ఇంటర్నెట్‌లో షూటర్లు ఆడటం భరించదగ్గదైంది.

కాబట్టి మీ స్క్రీన్ మీద మీరు సర్వర్ కంటే 14 మిల్లీసెకన్లు ముందున్నారు, మిగతావాళ్లంతా ఓ 50 వెనకున్నారు. ఎదుటివాడి స్క్రీన్ మీద ఇదే తిరగబడి ఉంటుంది. మిగతా వ్యవహారమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

సర్వర్ తీర్పు ఎలా చెబుతుంది

మీరు పాత శత్రువుని చూసి కాలుస్తున్నారు కదా, మరి బుల్లెట్ సర్వర్‌కి చేరేసరికి అతను అక్కడ ఉండడు. ఒకప్పుడు నిజంగా అలాగే వదిలేసేవాళ్లు. పరిగెత్తేవాడిని కాల్చాలంటే మీ పింగ్ ఎంతుందో ఊహించి అతని ముందు ఖాళీలో గురి పెట్టాలి. ఇది మహా చిరాకు.

దానికి పరిష్కారంగా వచ్చిందే ల్యాగ్ కాంపెన్సేషన్. సర్వర్ అందరి పాత స్థానాలనీ కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. మీ క్లిక్ అందగానే, రానూపోనూ పట్టిన మీ పింగ్ మొత్తాన్నీ మీ ఇంటర్‌పొలేషన్‌నీ తీసేసి అంత వెనక్కి మిగతావాళ్లందరినీ జరిపి, ఆ క్షణంలో మీ గురి ఎవరి మీదుందో చూస్తుంది. థర్డ్ అంపైర్ రీప్లే వెనక్కి తిప్పి చూడటం లాంటిదే, కాకపోతే ఇక్కడ కెమెరా ఎప్పుడూ కాల్చినవాడి కళ్లదే. కాల్చినవాడి స్క్రీన్ మీద గురి తలమీద ఉంటే, అవుట్.

ఇందులో నష్టపోయేది ఎవరో అప్పుడే తెలుసు. వాల్వ్‌లో పనిచేసిన యాన్ బెర్నియర్ 2001లో ఈ పద్ధతి గురించి రాసినప్పుడే, మూల తిరిగి దాక్కున్నాక కూడా దెబ్బ తగిలినట్టు అనిపిస్తుందని ఒప్పుకున్నారు. కాల్చేవాడికి అన్యాయం జరగడం కన్నా దాక్కునేవాడికి అప్పుడప్పుడూ అలా అనిపించడమే మేలని ఎంచుకున్నారు. నాకూ ఆ ఎంపిక సరైందే అనిపిస్తుంది, చచ్చినప్పుడు తప్ప.

ఎంత వెనక్కి తిప్పవచ్చన్నదానికి ప్రతి గేమ్‌లోనూ ఒక హద్దు ఉంటుంది. సోర్స్ ఇంజిన్‌లో దాని పేరు `sv_maxunlag`. ఆ హద్దు దాటేంత పింగ్ ఉన్నవాడికి ఈ సాయం ఆ హద్దు వరకే అందుతుంది, మిగతాదానికి పాతకాలం లాగా ముందు గురి పెట్టుకోవాల్సిందే.

గోడ వెనక చావుని లెక్క వేయండి

కాగితం తీసుకోండి. మీ పింగ్ 28, ఎదుటివాడిది 70 అనుకుందాం. సర్వర్ 64 టిక్. ఇద్దరికీ ఇంటర్‌పొలేషన్ 31. ఈ లెక్కంతా మిల్లీసెకన్లలోనే. మీ స్క్రీన్ మీద మీరు గోడ చాటుకి పూర్తిగా వచ్చిన క్షణాన్ని సున్నా అనండి.

మీరు చాటుకి వచ్చారన్న కబురు సర్వర్‌కి చేరడానికి 14. టిక్ కోసం 8. అక్కడి నుంచి అతని ఇంటికి 35. అతని గేమ్ ఆపుకునే 31. మొత్తం 88. అంటే మీరు దాక్కున్నాక కూడా 88 మిల్లీసెకన్ల దాకా అతని స్క్రీన్ మీద మీరు బయటే కనిపిస్తున్నారు.

అతను 85వ మిల్లీసెకనులో క్లిక్ చేశాడు. అతని కంటికి మీ భుజం ఇంకా కనిపిస్తోంది, గురి సరిగ్గా ఉంది. ఆ క్లిక్ సర్వర్‌కి చేరేసరికి 120. టిక్‌తో కలిపి 128. సర్వర్ మిమ్మల్ని వెనక్కి తిప్పి చూసింది, తగిలింది. ఆ వార్త మీకు చేరడానికి 14. మీ స్క్రీన్ మీద మీరు పడిపోయింది 142 దగ్గర.

ఇప్పుడు దీన్ని దూరంలోకి మార్చండి. చేతిలో ఏకే ఉంటే పరుగు వేగం సెకనుకి 215 యూనిట్లు. 142 మిల్లీసెకన్లలో సుమారు 30 యూనిట్లు నడుస్తారు. ఆటలో మనిషి శరీరం వెడల్పు 32. మీరు గోడ లోపలికి దాదాపు ఒక ఒళ్లు వెడల్పు వెళ్లిపోయాక చచ్చారు. "గోడలోంచి కాల్చాడు" అని మీకు అనిపించడంలో వింతేమీ లేదు. మోసం లేదు, సర్వర్ చెడిపోలేదు, నెట్ చెడిపోలేదు. ఇద్దరి పింగూ ఫర్వాలేదు. అయినా ఇంత.

అతని పింగ్ 70 బదులు 20 పెట్టి మళ్లీ వేయండి. మీరు మాయమైంది అతనికి 63 దగ్గర తెలుస్తుంది. 60 దగ్గర కాలిస్తే మీరు పడేది 92 దగ్గర, అంటే సుమారు 20 యూనిట్ల లోపల. అతని పింగ్ 50 తగ్గితే మీ చావు కూడా సరిగ్గా 50 ముందుకి వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఇదే: గోడ వెనక చావులో మీ పింగ్ ఎంత బాగున్నా అతని పింగ్ మొత్తంగా వచ్చి కలుస్తుంది. కాబట్టి ఇలా చచ్చినప్పుడు స్కోర్‌బోర్డ్‌లో చూడాల్సింది మీ పింగ్ కాదు, చంపినవాడిది.

మూల కాపలా కాస్తూ చావడం: దీని లెక్క వేరు

రెండో రకం ఫిర్యాదు ఇది. మీరు మూల మీద గురి పెట్టి కదలకుండా కూర్చున్నారు. అతను బయటకి వచ్చీరాగానే మీరు చచ్చారు. వేలు కదిలే టైమే లేదు. ఆడేవాళ్లు దీన్ని పీకర్స్ అడ్వాంటేజ్ అంటారు.

అవే పింగులతో వేద్దాం. అతను తన స్క్రీన్ మీద మూల దాటిన క్షణం సున్నా. మీరు కదలకుండా ఉన్నారు కాబట్టి అతనికి పాత మీరైనా కొత్త మీరైనా ఒకటే, వెంటనే కనిపిస్తారు. అతను వచ్చాడన్న సంగతి మీకు తెలియడానికి మాత్రం అతని దారి 35, టిక్ 8, మీ దారి 14, ఇంటర్‌పొలేషన్ 31, మొత్తం 88 పడుతుంది.

అతను చూసి కాల్చడానికి 200 తీసుకున్నాడు. సర్వర్ దగ్గర అది 243కి లెక్కలోకి వచ్చింది. మీరు ముందే గురి పెట్టుకుని ఉన్నారు కాబట్టి 170లోనే స్పందించారు, అతని కన్నా 30 చురుకు. కానీ మీకు అతను కనపడిందే 88 దగ్గర. 88కి 170 కలిపితే 258కి క్లిక్, అది సర్వర్‌కి చేరేది 272కి. సర్వర్ దృష్టిలో మీరు అప్పటికే చనిపోయి ఉన్నారు, చనిపోయినవాడి బుల్లెట్‌ని అది పట్టించుకోదు. ఇంకా బాధేమిటంటే మీ చావు వార్త మీకు 257కి అందుతుంది. అంటే మీ వేలు దిగడానికి ఒక్క మిల్లీసెకను ముందు. "నేను నొక్కాను కదా, కాలలేదేంటి" అని మౌస్‌ని అనుమానించేది ఇలాంటప్పుడే.

ఇదే లెక్కని 128 టిక్‌తో వేయండి. టిక్ ఆగడం 8 నుంచి 4కి, రెండు టిక్‌ల ఇంటర్‌పొలేషన్ 31 నుంచి 16కి తగ్గుతుంది. 88 కాస్తా 69 అయింది. 19 మిల్లీసెకన్ల లాభం. మంచిదే. కానీ 128 టిక్ వస్తే అన్నీ బాగుపడతాయని ఏళ్లుగా వాదించుకుంటున్నవాళ్లు ఈ 19ని ఒకసారి చూడాలి. మిగతా 69లో ఎక్కువ భాగం దారి పొడవే, దాన్ని ఏ టిక్ రేటూ తగ్గించలేదు. 60 హెర్ట్జ్ మానిటర్‌లో బొమ్మకీ బొమ్మకీ మధ్య 16.7, 144 హెర్ట్జ్‌లో 6.9. మానిటర్ మారిస్తే వచ్చే తేడా కూడా ఇంచుమించు అదే స్థాయిలో ఉంటుంది. పైగా అది మీ చేతిలో ఉన్న పని.

ఇప్పుడు మీ నెట్‌ని పరీక్షించండి

పై రెండు లెక్కలూ అన్నీ సవ్యంగా ఉన్నప్పటివి. మీ చావులు వీటికి సరిపోతే నెట్‌తో పేచీ లేదు. సరిపోకపోతే, అంటే శత్రువు ఉన్నట్టుండి గంతేసి వేరే చోట తేలడం, మీరే వెనక్కి లాగినట్టు అవడం, ఒకే బుల్లెట్‌కి చచ్చినట్టుండి తర్వాత చూస్తే మూడు తగిలాయని తేలడం, ఇలాంటివైతే వేరే జబ్బు. సాధారణంగా అది జిట్టర్, అంటే ప్యాకెట్లు ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యంగా రావడం.

ఆ మూడు బుల్లెట్ల సంగతే తీసుకోండి. ఏకే నిమిషానికి 600 కాలుస్తుంది, బుల్లెట్‌కీ బుల్లెట్‌కీ 100 మిల్లీసెకన్లు. మూడు తగలాలంటే 200 పట్టాలి. మీకు అవి ఒకేసారి అనిపించాయంటే ఆ 200 మిల్లీసెకన్ల కబురంతా ఎక్కడో ఇరుక్కుని ఒక్క మూటగా వచ్చిందన్నమాట. స్కోర్‌బోర్డ్‌లో పింగ్ సగటు కాబట్టి అందులో ఇది కనపడదు. అప్పుడూ 28 అనే చూపిస్తుంది.

గేమ్‌లో ముందు ఈ అంకెలు ఎప్పుడూ కనిపించేలా పెట్టుకోండి. కౌంటర్-స్ట్రైక్ 2లో గేమ్ సెట్టింగ్స్‌లో టెలిమెట్రీ భాగం ఉంటుంది, పింగ్, ఫ్రేమ్ టైమ్, పోయిన ప్యాకెట్లు మూడూ ఆన్ చేయండి. వాలరెంట్‌లో వీడియో సెట్టింగ్స్‌లో స్టాట్స్ అని ఉంటుంది, అక్కడ నెట్‌వర్క్ అంకెలకి గ్రాఫ్ ఎంచుకోండి. అంకె కన్నా గ్రాఫ్ మేలు, ముల్లులా లేచిన చోటు కంటికి ఇట్టే తెలుస్తుంది.

తర్వాత జబ్బు ఇంట్లోనా బయటా అన్నది తేల్చాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు మీ రౌటర్‌కే పింగ్ కొట్టండి, తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వర్‌కి. చాలా ఇళ్లలో రౌటర్ అడ్రస్ కింద మొదటి వరసలో ఉన్నదే ఉంటుంది, కాకపోతే `ipconfig` కొడితే Default Gateway అన్న చోట కనిపిస్తుంది.

```
ping -n 200 192.168.1.1
ping -n 200 8.8.8.8
```

చివర వచ్చే మూడు అంకెల్లో Average జోలికి పోకండి, Maximum చూడండి. కేబుల్ మీద రౌటర్‌కి వెళ్లే పింగ్ ఒకటి రెండు దాటకూడదు. వైఫై మీద ఐదారు వరకూ ఫర్వాలేదు. అదే 40, 80 అని కనిపిస్తే రోగం మీ గదికీ హాల్‌కీ మధ్యలోనే ఉంది, నెట్ కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. ఎందుకు 40 దగ్గర గీత గీస్తున్నానంటే, గేమ్ ఆపుకునేది 31. అంతకన్నా ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్‌ని అది కప్పిపుచ్చలేదు, శత్రువు గంతేస్తాడు.

మా ఇంట్లో రౌటర్ హాల్‌లో టీవీ వెనక ఉండేది. నా గదికి రెండు గోడలు అడ్డం, అపార్ట్‌మెంట్‌లో చుట్టూ ఇరవై వైఫైలు. రౌటర్‌కి పింగ్ సగటు 4, మాక్సిమమ్ 112. రెండేళ్లు సర్వర్‌ని తిట్టింది ఈ 112 కోసం. మొదట 2.4 గిగాహెర్ట్జ్ నుంచి 5కి మార్చాను, మాక్సిమమ్ 30కి దిగింది. తర్వాత గోడ పక్కనుంచి 15 మీటర్ల కేబుల్ లాగాను, 1కి వచ్చింది. గుమ్మం దగ్గర దానికి కాలు తగులుతోందని ఇంట్లో వాళ్లు ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు.

రౌటర్ దాకా శుభ్రంగా ఉండి, బయటి పింగ్ మాత్రం సాయంత్రాలు ఎగురుతుంటే ఇంకో పరీక్ష చేయండి. రెండో కమాండ్ నడుస్తుండగా ఫోన్‌లోంచి ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టండి. 25 ఉన్నది 150కి పోయిందంటే రౌటర్ దగ్గర ప్యాకెట్లు క్యూ కడుతున్నాయి, మీ గేమ్ ప్యాకెట్ ఆ వీడియో వెనక నిలబడుతోంది. మా అమ్మ ఫోన్ రాత్రి 9 గంటలకి వైఫై తగలగానే ఆ రోజు ఫోటోలన్నీ బ్యాకప్‌కి పంపించేది. నేను ర్యాంక్ ఆటలకి కూర్చునేదీ అప్పుడే. బ్యాకప్ టైము మార్చడం ఒక దారి. రౌటర్‌లో క్యూని అదుపుచేసే QoS లేదా SQM సెట్టింగ్ ఉంటే అప్‌లోడ్ వేగాన్ని మీ ప్లాన్‌లో 85, 90 శాతానికి బిగించడం ఇంకో దారి. వేగం కాస్త తగ్గుతుంది, క్యూ మాత్రం రౌటర్ అదుపులో ఉంటుంది.

రెండూ శుభ్రంగా ఉండి గేమ్‌లో మాత్రమే ప్యాకెట్లు పోతుంటే, అప్పుడు దారిలో ఎక్కడో ఉంది. ఏ ఊరి సర్వర్ దొరికిందో చూడండి. హైదరాబాద్, విజయవాడల నుంచి ఆడేవాళ్లకి ముంబై, చెన్నై సర్వర్లు దగ్గర. అర్ధరాత్రి మనుషులు తక్కువైనప్పుడు గేమ్ సింగపూర్‌కి పంపేస్తుంటే, సెట్టింగ్స్‌లో ఒప్పుకునే గరిష్ఠ పింగ్‌ని తగ్గించి పెట్టుకోండి. ఆట దొరకడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

సెట్టింగ్స్‌లో ముట్టుకోవాల్సినవి, ముట్టుకోకూడనివి

కౌంటర్-స్ట్రైక్ 2లో `Buffering to smooth over packet loss / jitter` అని ఒక సెట్టింగ్ ఉంది. వాలరెంట్‌లో అలాంటిదే `Network Buffering`. పేరు చూస్తే ఎక్కువ పెడితే మంచిదేమో అనిపిస్తుంది. అది మందు లాంటిది, జబ్బు లేనివాడు వేసుకుంటే నష్టమే. ఒక ప్యాకెట్ అదనంగా ఆపుకుంటే 64 టిక్‌లో ఇంకో 15.6 మిల్లీసెకన్లు కలుస్తాయి, పైన చూసిన 88 కాస్తా 104 అవుతుంది. ప్యాకెట్లు పోవడం, జిట్టర్ లేకపోతే కనిష్ఠంలోనే ఉంచండి. హాస్టల్‌లోనో పీజీలోనో ఉంటూ వైఫై తప్ప గతిలేకపోతే ఒక ప్యాకెట్ పెట్టుకోండి. గంతులేసే శత్రువు కన్నా 16 మిల్లీసెకన్ల పాత శత్రువే నయం.

ఫ్రేమ్‌ల సంగతి కూడా ఇందులోకే వస్తుంది. మీ కంప్యూటర్ పొగబాంబు పడగానే 150 నుంచి 45 ఫ్రేమ్‌లకి పడిపోతుంటే, ఒక్కో ఫ్రేమ్‌కి 22 మిల్లీసెకన్లు. టిక్ కన్నా మీ బొమ్మే నెమ్మది. సర్వర్ పంపింది చేతికొచ్చినా చూపించడానికి ఫ్రేమ్ లేదు. సరిగ్గా కాల్పులు జరిగే చోటే ఇలా అవుతుంది కాబట్టి సగటు ఫ్రేమ్‌లు చూసి మోసపోతాం. గ్రాఫిక్స్ తగ్గించి, వి-సింక్ ఆపేసి, కాల్పుల మధ్యలో కూడా 100కి తగ్గకుండా చూసుకోండి.

కౌంటర్-స్ట్రైక్ 2లో డ్యామేజ్ ప్రెడిక్షన్ అనే వరస కూడా ఉంటుంది. ఆన్ చేస్తే సర్వర్ తీర్పు రాకముందే మీ గేమ్ తగిలిందని ఊహించి రక్తం చూపించేస్తుంది. తూటా చప్పుడుతోపాటే రక్తం కనపడటం హాయిగా ఉంటుంది కానీ, సర్వర్ ఒప్పుకోకపోతే తగిలి కూడా తగలనట్టు అవుతుంది. "రక్తం వచ్చింది, డ్యామేజ్ సున్నా" అన్న ఫిర్యాదు ఉన్నవాళ్లు ముందు దీన్ని ఆపి చూడండి. ఆపినా అలాగే ఉంటే, కాల్చిన క్షణంలో మీ కాళ్లు కదులుతున్నాయేమో చూసుకోండి. పరిగెత్తుతూ కాల్చిన తూటా గురి నుంచి పక్కకి పోవడానికి నెట్‌తో సంబంధం లేదు.

లెక్కని ఆటలోకి తీసుకురండి

తీసేయలేని 88 మిల్లీసెకన్లని వాడుకోవడమే మిగిలింది. గోడ చాటుకి వచ్చేటప్పుడు మీ స్క్రీన్ మీద అంచు దాటగానే ఆగిపోకండి. లెక్కలో 30 యూనిట్లు వచ్చాయి కదా, అంచు నుంచి ఇంకో ఒళ్లు వెడల్పు లోపలికి వెళ్లాకే తూటాలు మార్చుకోవడం, తుపాకీ మార్చుకోవడం. అంచు దగ్గర ఆగి రీలోడ్ నొక్కేవాళ్లే ఎక్కువగా గోడ వెనక చస్తారు.

మూల కాపలాలో కదలకుండా ఉన్నవాడికి లెక్క ఎదురు తిరుగుతుంది కాబట్టి ఒకే చోట పాతుకుపోకండి. కాపలా కాయక తప్పకపోతే మూలకి దూరంగా నిలబడండి. మూలకి అంటుకుని వచ్చేవాడి భుజం, దూరంగా ఉన్న మీకు ముందు కనిపిస్తుంది, మీరు అతనికి ఆ తర్వాత కనిపిస్తారు. ఆ కోణంలో వచ్చే లాభం 88లో కొంత తిరిగి ఇస్తుంది. ఒకసారి కాల్చాక చోటు మార్చండి, ఎందుకంటే రెండోసారి అతను సరిగ్గా మీ తల ఎత్తులో గురి పెట్టుకునే వస్తాడు, అతని 200 కాస్తా 100 అవుతుంది. వీలైన చోట మీరే ముందుకి వెళ్లి చూడండి, అప్పుడు ఆ 88 మీ పక్షాన ఉంటుంది.

రిపోర్ట్ కొట్టే ముందు డెమో చూసేవాళ్లకి

ఒక్క జాగ్రత్త. సర్వర్ రికార్డ్ చేసిన డెమోలో కనిపించేది మీ స్క్రీనూ కాదు, అతని స్క్రీనూ కాదు. అది సర్వర్ టైములో అందరూ ఎక్కడున్నారన్నది. అతను కాల్చింది పాత మిమ్మల్ని కాబట్టి, డెమోని నెమ్మదిగా నడిపితే అతని గురి మీ వెనక ఖాళీలో ఉండగానే మీరు పడిపోతున్నట్టు కనిపిస్తుంది. మా గుంపులో ఒకతను ఇలాంటి క్లిప్ పట్టుకుని "చూడన్నా, గురే లేదు, హ్యాకర్ గాడు" అని రెండు రోజులు గొడవ చేశాడు. ఆ క్లిప్‌లో ఎదుటివాడి పింగ్ 90, మావాడు పక్కకి పరిగెడుతున్నాడు. అలాంటప్పుడు గురి ఎంత వెనకపడిందో కొలిచి చూడండి. ఏకేతో పరిగెత్తేవాడికి 129 మిల్లీసెకన్లంటే 28 యూనిట్లు, అంటే దాదాపు ఒక ఒళ్లు వెడల్పు. అతని పింగ్ 90, ఇంటర్‌పొలేషన్ 31, టిక్ 8 కలిపితే సరిగ్గా అక్కడికే వస్తుంది. ఆ దూరానికి అటూ ఇటూగా ఉంటే అది లెక్క ప్రకారం తగిలిన తూటానే. మీరు కదలకుండా నిలబడి ఉండగా కూడా గురి మీ మీద లేకుండా తల పేలితే, అది వేరే సంగతి, అప్పుడు నిక్షేపంగా రిపోర్ట్ కొట్టండి.